కథలో భర్త తమిళుడు, భార్య తెలుగు: ముద్దుమాట ఏ భాషలో రాయాలి?

కొత్త కథకుడు: చెన్నైలో కాపురం ఉంటున్న జంట మీద కథ రాస్తున్నాను. భర్త తమిళుడు, భార్యది తెలుగు. "సొల్లు మా, సాప్టియా?" అంటాడు. చదివేవాళ్ళు తికమకపడకుండా ఆ ముద్దు ఎలా నిలపాలి?

పాత పాఠకుడు: "సొల్లు" అంటే మనకి పనికిరాని వాగుడు. భర్త భార్యని అలా పలకరిస్తే పాఠకుడు నవ్వుతాడు. "చెప్పమ్మా, తిన్నావా?" అని తమిళంలో అడిగాడు, అని రాస్తే సరిపోదా?

నెల్లూరు చిన్నోడు: పక్కనే అర్థం చెప్పించండి. "సాప్టియా, తిన్నావా?" అని.

మదరాసు కోడలు: ఒకసారైతే చెల్లుతుంది చిన్నోడు గారూ. మూడోసారికి ఆ భర్త దుబాసీలా వినిపిస్తాడు. ఇంట్లో ఎవరూ ప్రతి మాటా రెండుసార్లు అనరు. అర్థం జవాబులోంచి, చేతిలో ఉన్న పనిలోంచి రావాలి. ఇలా:

"సాప్టియా?" గిన్నె మీద మూత తీశాడు.
"ఆకలి లేదు."
"కొంజం సాప్డు మా."
"సరే, రెండు ముద్దలే పెట్టు."

"కొంజం" మన కొంచెమే కాబట్టి ఎవరూ ఆగరు. పలకరింపు, తిండి, కసురు తమిళంలో ఉండనివ్వండి. ట్రాన్స్‌ఫర్, అప్పు, డాక్టరు చెప్పింది, అంటే కథ నడవడానికి కావలసినవి, తెలుగులో పెట్టండి. "సొల్లు" మాత్రం తీసేయండి, పాత పాఠకుడు గారన్నది నిజమే.

వేటపాలెం: తమిళ లిపిలో వేస్తే అందంగా ఉండదా?

కొత్త కథకుడు: లిపి కాదండీ, మాట గురించి అడిగాను.

పాత పాఠకుడు: "సొల్లు" ఒక్కటేనా? భార్యని ముద్దుగా "చెల్లం" అని పిలిచినట్టు రాస్తే చెల్లెలనుకుంటారు!

మదరాసు కోడలు: మీరు మాటల దగ్గరే ఆగిపోతున్నారు. పన్నెండేళ్ళుగా తమిళ ఇంట్లో ఉన్నాను. నేను పంపిన కథలో ఒక పత్రికవాళ్ళు తమిళమంతా తెలుగు చేసేశారు. నా సంసారం నాకే డబ్బింగులా అనిపించింది.

పాత పాఠకుడు: మీకు మీ సంసారం. నా మనవడు బెంగుళూరులో పెరుగుతున్నాడు, "తాతా" తప్ప తెలుగు రాదు. వాడికి చదివి వినిపించే కథల్లో కూడా ఇంకో భాషేనా? నా బాధ "సొల్లు" కాదమ్మా.

మదరాసు కోడలు: ఆ బాధ మొదటే చెప్పి ఉంటే నేను ఇంత గట్టిగా మాట్లాడేదాన్ని కాదండీ. అయితే ఒకటి వినండి. మేం పోట్లాడుకుంటే ఎవరి భాషలోకి వాళ్ళం పోతాం. రాజీ పడేటప్పుడు ఆయన తెలుగులోకి వస్తారు. నాకు జ్వరమొస్తే "సాప్టియా" అనరు, "తిన్నావా" అంటారు, ఒత్తు సరిగా పలక్కుండా, "తినావా" అని. కథకుడు గారూ, మీ భర్త కథంతా తమిళంలోనే ఉండిపోతే ఆ ముద్దు రాదు. అతను ఎప్పుడు ఆమె భాషలోకి దాటతాడో చూసుకోండి.

పాత పాఠకుడు: ఆ "తినావా" బాగుంది. కానీ మొదటి పేజీలోనే తమిళం ఉంటే నేను మాత్రం పేజీ తిప్పేస్తాను.

కొత్త కథకుడు: నా కథలో అతను ఒక్కసారి కూడా దాటలేదు. ఆసుపత్రి సీను మళ్ళీ రాస్తున్నాను.