ఇంజంక్షన్ దావాలో టైటిల్ మీద ఇష్యూ వేయించాలా, వదిలేయాలా?

శ్రావణి, వనస్థలిపురం:
హయత్‌నగర్ దగ్గర 240 గజాల ఖాళీ ప్లాటు గురించి నాన్న 2023లో ఎల్.బి.నగర్ కోర్టులో ఇంజంక్షన్ దావా వేశారు. ఆ ప్లాటు తనదేనని అవతలాయన రిటన్ స్టేట్‌మెంట్ వేశాడు. దావాలో తేల్చాల్సిన ప్రశ్నలుగా జడ్జిగారు మూడు ఇష్యూలే రాశారు: వాది స్వాధీనంలో ఉన్నాడా, ఇంజంక్షన్‌కు అర్హుడా, ఏ ఉపశమనం ఇవ్వాలి. ప్లాటు యజమాని ఎవరన్నది, అంటే టైటిల్ మాటే లేదు. "అది మనకే మంచిది, కదపొద్దు" అంటున్నారు మా వకీలుగారు. అది నిజంగా మంచిదేనా? నాన్న తన సాక్ష్యం రాసిచ్చే చీఫ్ అఫిడవిట్ ఇంకా వేయలేదు.

కొత్తపేట జూనియర్:
మీ వకీలుగారి మాటే కరెక్టు అక్కా. ఇంజంక్షన్ దావాలో చూసేది స్వాధీనం ఒక్కటే. టైటిల్ ఇష్యూ వేయించుకుంటే రుజువు చేసే బరువు మీ నెత్తికే వస్తుంది. పైగా ఇష్యూ రాయకపోయినా రెండు పక్షాలూ దాని మీద సాక్ష్యం ఇచ్చుకుంటే కోర్టు తీర్పు చెప్పొచ్చు. నెడునూరి కామేశ్వరమ్మ కేసులో సుప్రీంకోర్టు 1962లోనే ఆ మాట చెప్పింది, అదీ మన తెలుగువాళ్ల కేసే. ఇష్యూల మీద ఇప్పుడు పిటిషన్ వేస్తే ఆరు నెలలు వాయిదాలకే పోతాయి.

పురానీహవేలీ వకీలు:
జూనియర్ గారు చెప్పింది సగం నిజం. ఆ కేసులో ఇష్యూ లేకపోయినా చెల్లిందంటే, అవతలి వాదన ఏమిటో రెండు పక్షాలకూ ముందే తెలుసు, తెలిసే విచారణకు దిగారు. ఎవరూ మోసపోలేదు. ప్లీడింగులో, అంటే ప్లెయింటులోగానీ రిటన్ స్టేట్‌మెంట్‌లోగానీ, అసలు లేని మాటను సాక్ష్యంతో పూడ్చుకోవచ్చని ఆ తీర్పులో లేదు.

శ్రావణి గారి కేసుకు దగ్గరగా ఉండేది 2008లో వచ్చిన అనతుల సుధాకర్ వర్సెస్ పి. బుచ్చిరెడ్డి తీర్పు. వరంగల్ కేసు. వాదులు 1968లో ఒకావిడ దగ్గర రిజిస్టర్డ్ సేల్ డీడ్లతో స్థలాలు కొన్నారు. ప్రతివాది ఆవిడ అన్న దగ్గర కొన్నాడు. ఆ స్థలం అన్న చెల్లెలికి పసుపు కుంకుమ కింద నోటిమాటతో ఇచ్చాడన్నది వాదుల ఆధారం. కానీ ఆ మాట ప్లెయింటులో లేదు, దాని మీద ఇష్యూ కూడా లేదు. హైకోర్టు అయినా ఆ దానం సంగతిలోకి వెళ్లి వాదులకు డిక్రీ ఇచ్చింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. టైటిల్ మీద తగిన ప్లీడింగూ ఇష్యూ లేకుండా ఇంజంక్షన్ దావాలో టైటిల్ తేల్చకూడదంది. అవి రెండూ ఉన్నా వ్యవహారం చిక్కుగా ఉంటే, టైటిల్ తనదని ప్రకటించమని అడిగే డిక్లరేషన్ దావా వేసుకోమని పంపేయమంది. సూటిగా తేలిపోయే సందర్భాల్లోనే, అదీ అరుదుగా, ఇంజంక్షన్ దావాలోనే తేల్చవచ్చంది.

ఇంకో మాట కూడా అక్కడే ఉంది, మీది ఖాళీ ప్లాటు కాబట్టి మీకు బాగా పనికొస్తుంది. ఇల్లుంటే కరెంటు బిల్లుతో, పొలమైతే పహాణీతో స్వాధీనం చూపిస్తారు. ఖాళీ స్థలంలో ఎవరూ కాపురం ఉండరు. అక్కడ స్వాధీనం ఎవరిదో తేలాలంటే చాలాసార్లు టైటిల్ చూడక తప్పదు. అందుకే "వాది స్వాధీనంలో ఉన్నాడా" అనే ఇష్యూ ఒక్కటే ఉంటే మీ నాన్నగారు ఏం చూపిస్తారు?

శ్రావణి గారూ, రెండు ప్లీడింగుల్లో ముఖ్యమైన పేరాలు ఇక్కడ రాయండి. అవి చూడకుండా ఇష్యూల గురించి చెప్పడం గాలిలో మాటలే.

మియాపూర్ సత్యం:
నా అనుభవం చెబుతాను. మాది అన్నదమ్ముల భాగం దావా. నాన్న వీలునామా రాశాడని తమ్ముడు రిటన్ స్టేట్‌మెంట్‌లో ఒక లైను రాశాడు. దాని మీద ఇష్యూ వేయలేదు. మేం డిక్రీ తెచ్చుకున్నాం. అప్పీలు కోర్టు వీలునామా మీద ఇష్యూ రాసి, సాక్ష్యం తీసుకుని తీర్పు పంపమని కింది కోర్టుకు తిరగగొట్టింది. 2011లో వేసిన దావా 2019లో మళ్లీ మొదటి గదికే వచ్చింది. ఆలోపు వీలునామా మీద సాక్షి సంతకం పెట్టినాయన పోయాడు. అందుకే చెబుతున్నా తల్లీ, అవతలాయన రాసిన ప్రతి లైనుకూ ఒక ఇష్యూ వేయించు. ఒక్కటీ వదలొద్దు.

పురానీహవేలీ వకీలు:
సత్యం గారూ, మీ బాధ అర్థమైంది. మీ కేసులో వీలునామా మీద ఇష్యూ పడాల్సిందే. దాని మీదే భాగాలన్నీ తారుమారవుతాయి. అయితే ప్రతి లైనుకూ ఇష్యూ అంటే కుదరదు. ఒకరు ఔనని, మరొకరు కాదని, ఆ ఒక్కటి తేలితే దావా ఫలితం మారేది అయితేనే ఇష్యూ. గోడ ఎప్పుడు కట్టారు, రసీదు మీద సంతకం ఎవరిది లాంటివి సాక్ష్యంలో తేలాల్సిన సంగతులు. వాటిని కూడా ఇష్యూలుగా రాస్తే ఇరవై ఇష్యూల కింద అసలు తగాదా కనబడకుండా పోతుంది.

శ్రావణి, వనస్థలిపురం:
పేరాలు ఇవీ.
ప్లెయింట్ 3: 1994లో యజమాని తరఫున అమ్మే జీపీఏ హోల్డర్ ద్వారా రిజిస్టర్డ్ సేల్ డీడ్‌తో నాన్న కొన్నారు. 4: అప్పటినుంచి స్వాధీనంలో ఉన్నారు, చుట్టూ కడీలు పాతారు. 5: 2023లో ప్రతివాది వచ్చి కడీలు పీకించాడు, స్థలం తనదన్నాడు.
రిటన్ స్టేట్‌మెంట్ 2: "వాది కఠినంగా రుజువు చేయాలి." 4: భూమి యజమాని 1993లో చనిపోయాడు కాబట్టి తర్వాత జీపీఏతో చేసిన సేల్ డీడ్ చెల్లదు. 6: 2009లో యజమాని వారసుల దగ్గర కొన్నాను, నా స్వాధీనంలోనే ఉంది.

పురానీహవేలీ వకీలు:
ఇప్పుడు పని సులువు. రెండు ప్లీడింగులూ పక్కపక్కన పెట్టి చదవండి. 1994 సేల్ డీడ్ పుట్టనేలేదని అవతలాయన ఎక్కడా అనలేదు. "కఠినంగా రుజువు చేయాలి" అన్నంత మాత్రాన అది కాదన్నట్టు కాదు. కాదనేవాడు ఒక్కొక్క సంగతినీ విడిగా, సూటిగా కాదనాలి. కాబట్టి డీడ్ రిజిస్టర్ అయిందా లేదా అన్నది ఇష్యూ కాదు. రెండు డీడ్లూ ఒకే ప్లాటువని ఇద్దరూ ఒప్పుకున్నట్టే ఉంది కాబట్టి హద్దుల మీదా ఇష్యూ అక్కర్లేదు.

గొడవంతా నాలుగో పేరాలో ఉంది. 1993లో యజమాని పోయాక 1994లో జీపీఏ హోల్డరుకు అమ్మే అధికారం మిగిలిందా? ఇదే టైటిల్ తగాదా. "వాదికి టైటిల్ ఉందా" అని బండగా రాయడం కన్నా "1994 నాటికి జీపీఏ హోల్డరుకు అమ్మే అధికారం ఉందా" అని రాస్తే ఎవరు ఏం రుజువు చేయాలో ఇద్దరికీ తెలుస్తుంది. యజమాని 1993లో చనిపోయాడని చూపాల్సింది ఆ మాట ఎత్తిన ప్రతివాది. చనిపోయినా అధికారం మిగిలిందని చూపాల్సింది మీరు.

మీ ఇబ్బంది అక్కడే ఉంది. మామూలుగా యజమాని పోతే జీపీఏ కూడా పోతుంది. జీపీఏ హోల్డరుకు ఆ స్థలంలో సొంత హక్కు ఏర్పడి ఉంటే పోదు. కొన్నవాళ్లకు చావు సంగతి తెలియకపోతే, తెలిసేదాకా వాళ్ల విషయంలో జీపీఏ నిలుస్తుంది. ఈ రెంటిలో ఒక్కటైనా మీ ప్లెయింటులో ఉందా? మీరు రాసిన పేరాల్లో లేదు. ప్లీడింగు లేనిదే ఇష్యూ లేదు. వరంగల్ వాళ్లకు పసుపు కుంకుమ ఎలా దెబ్బ కొట్టిందో, మీకు జీపీఏ అలాగే దెబ్బ కొడుతుంది.

కాబట్టి ముందు ఇష్యూ పిటిషన్ వేయకండి. ముందు ప్లెయింట్ సవరించండి: జీపీఏ సంగతులు చేర్చి, డిక్లరేషన్ కూడా అడగండి. ఆ తర్వాత ఇష్యూలు తిరిగి రాయమనండి, డిక్రీ వచ్చేలోపు ఎప్పుడైనా కోర్టు రాయొచ్చు. నాన్నగారు చీఫ్ అఫిడవిట్ వేయకముందే సవరణ పిటిషన్ పడాలి. విచారణ మొదలైతే "ఇంత జాగ్రత్త ఉండి ముందే ఎందుకు అడగలేదు" అనే ప్రశ్నకు జవాబు చెప్పాలి.

కొత్తపేట జూనియర్:
సార్, ఒక్క మాట. డిక్లరేషన్ అడిగితే కోర్టు ఫీజు మార్కెట్ విలువ మీదికి వెళ్తుంది. హయత్‌నగర్‌లో 240 గజాలంటే అది చిన్న మొత్తం కాదు. టైటిల్ ఇష్యూ ఒక్కటి వేయించుకుంటే పోయేదానికి అంత ఖర్చు ఎందుకు? తీర్పులో అరుదుగానైనా తేల్చవచ్చని ఉందిగా.

పురానీహవేలీ వకీలు:
ఖర్చు నిజమే. కానీ యజమాని చావు, జీపీఏ, వారసుల అమ్మకం, ఇన్ని ఉన్న తగాదాను ఏ జడ్జి సూటి వ్యవహారం అంటాడు? మూడేళ్లు విచారణ నడిచాక డిక్లరేషన్ దావా వేసుకోమంటే అప్పటికి గడువు ఉంటుందా? హక్కును మొదట కాదన్న రోజు నుంచి మూడేళ్లు లెక్క. స్థలం తనదని ఆయన 2023లోనే అన్నాడు.

కొత్తపేట జూనియర్:
సవరణ ఒప్పుకుంటే దావా వేసిన రోజు నుంచే అడిగినట్టు లెక్క కదా?

పురానీహవేలీ వకీలు:
చాలాసార్లు అంతే. కానీ గడువు దాటాక వేసిన సవరణకు ఆ లెక్క వర్తించదనే వాదన అవతలివాళ్లు తెస్తారు, కోర్టు ఒప్పుకోవచ్చు కూడా. మూడేళ్లు నిండకముందే వేస్తే ఆ రిస్కు లేదు.

రిటైర్డ్ శిరస్తాదారు:
ముప్పై ఏళ్లు కోర్టు ఆఫీసులో ఉన్నాను. ఈ మూడు ఇష్యూలు ఇంజంక్షన్ దావాలన్నిటికీ అచ్చుపోసినట్టు వచ్చేస్తాయి. ఇష్యూల వాయిదా నాడు ఇరువైపులా వకీళ్లు డ్రాఫ్టు ఇష్యూలు ఇస్తే జడ్జిగారు చదువుతారు. ఇవ్వకపోతే ఫైళ్లు గుట్టగా ఉన్న రోజుల్లో పాతవే డాకెట్టులోకి ఎక్కుతాయి. అమ్మా, సవరణ పిటిషన్‌తో పాటు తిరిగి రాయాల్సిన ఇష్యూల డ్రాఫ్టు కూడా ఒక కాగితం మీద రాసి ఇప్పించు. ఒక్క విషయంలో వకీలుగారితో నాకు తేడా ఉంది. అధికారం ఉందా అనే ఇష్యూ వాది బరువుగా రాస్తే మీవాళ్లే ముందు చెప్పాలి. "యజమాని మరణంతో జీపీఏ రద్దయిందా" అని రాస్తే మొదట ప్రతివాది మీద పడుతుంది.

పురానీహవేలీ వకీలు:
మంచి మాట. మీ రాతతోనే డ్రాఫ్టు ఇవ్వొచ్చు. కానీ డిక్లరేషన్ అడిగాక మొత్తం మీద బరువు వాదిదే, ఇష్యూ రాత దాన్ని మార్చదు.

శ్రావణి, వనస్థలిపురం:
ఈ రాత్రి జీపీఏ మళ్లీ తీసి చదివాను. అది ఒట్టి జీపీఏ కాదు, అగ్రిమెంట్ ఆఫ్ సేల్ కమ్ జీపీఏ. 1992లో రాసింది. మొత్తం ధర ముట్టిందని, స్వాధీనం ఇచ్చేశానని రెండో పేజీలో యజమాని రాశాడు. ప్లెయింటులో దాన్ని "జీపీఏ" అని ఒక్క మాటతో వదిలేశారు. ఆ పేజీ ఫోటో తీసి మా వకీలుగారికి పంపాను. కోర్టు ఫీజు లెక్క వేసి, సవరణ పిటిషన్ డ్రాఫ్టుతో సోమవారం రమ్మన్నారు. చీఫ్ అఫిడవిట్ వాయిదా ఈ నెల 19న ఉంది, అంతకుముందే వేయిస్తాను.