వెనక నుంచి తీసే ఫొటోకి బ్యాక్ నెక్ ఎలా పెట్టించాలి?

నమస్తే అండీ, మాది వైజాగ్. వచ్చే నెల చెల్లి పెళ్లి. రుషికొండ బీచ్‌లో సముద్రం వైపు నడుస్తుంటే వెనక నుంచి ఫొటోలు తీస్తారట.

నా పెళ్లికి బ్లౌజ్ వీపు మధ్యలో నెమలి మగ్గం వర్క్ చేయించుకున్నాను. ఫొటోలో చూస్తే ఎడమ భుజం మీంచి దిగిన పైట నెమలి తలను కప్పేసింది, తోక జడ కింద పోయింది. ఎంత బాధేసిందో! పైగా మెడ 10 అంగుళాల లోతు పెట్టడంతో భుజాలు జారి, అంచు వీపుకి ఆనకుండా లేచి నిలబడింది.

అందుకే చెల్లికి జడ బదులు ముడి, లోతు 8 అంగుళాలు అనుకుంటున్నాం. వర్క్ మధ్యలో కాకుండా మెడ అంచు వెంబడి, పైట పడని కుడి వైపు ఎక్కువగా పెట్టిద్దామని నా ఆలోచన. భుజాల నుంచి 2 అంగుళాల కింద డోరీ కట్టిస్తే జారకుండా ఆగుతుందా? లేక షోల్డర్ వెడల్పు కూడా అర అంగుళం తగ్గించాలా? ముందు మెడ ఎంత లోతు ఉంటే మంచిది?

మగ్గం వేశాక మెడ గీత మార్చలేం కదా, గుడ్డ మీద మార్కింగ్ చేసేలోపే తేల్చుకోవాలి. కుట్టిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.