గోడకు ఒకే స్కేలా, అడ్డానికొకటి నిలువుకొకటా? (బతుకమ్మ బొమ్మ, 480 × 300 గోడ)

బడిగోడ: మా కాలనీ బడి గోడ మీద పదో తరగతి పాప గీసిన బతుకమ్మ బొమ్మ వేయాలి. కాగితం మీద బొమ్మ 24 సెంటీమీటర్ల వెడల్పు, 16 ఎత్తు. గోడ మీద మాకిచ్చిన చోటు 480 వెడల్పు, 300 ఎత్తు. అడ్డంగా లెక్క వేస్తే 20 రెట్లు, నిలువుగా వేస్తే 18.75 రెట్లు వస్తోంది. బొమ్మను గడి గడిగా గోడ మీదికి ఎక్కించడానికి గళ్ళు ఏ లెక్కన కొట్టాలి?

సైన్‌బోర్డు: దీంట్ల పరేషాన్ ఏముందన్నా. కాగితం మీద 2 సెంటీమీటర్ల గళ్ళు కొట్టు. అడ్డం 12, నిలువు 8 వస్తయి. గోడను కూడా అడ్డం 12 భాగాలు, నిలువు 8 భాగాలు చెయ్యి. గడి 40 వెడల్పు, 37.5 ఎత్తు వస్తది. గోడంత నిండుతది, ఒక్క ఇంచు మిగలదు. గా తేడా రోడ్డు మీద పోయేటోళ్ళకు ఎవరికి కనబడతది?

మూలమట్టం: బడిగోడ గారూ, ఒకే స్కేలు పెట్టండి. గోడ మీది గడి కూడా కాగితం మీద గడిలాగే నలుచదరంగా ఉండాలి. 18.75 తీసుకుంటే గడి 37.5 × 37.5 అవుతుంది, బొమ్మ 450 × 300 వస్తుంది. ఎత్తు సరిపోతుంది, వెడల్పులో 30 సెంటీమీటర్లు మిగులుతుంది. 20 తీసుకుంటే గడి 40 × 40, బొమ్మ 480 × 320. వెడల్పు సరిపోతుంది కానీ 20 సెంటీమీటర్ల ఎత్తు గోడ దాటుతుంది, అంటే కాగితం మీద ఒక సెంటీమీటరు కోసేయాలి. పైన ఆకాశమే ఉంటే కోయవచ్చు. కింద కాళ్ళు ఉంటే కుదరదు. రెండు స్కేళ్ళు పెడితే మాత్రం బొమ్మ అడ్డంగా సాగుతుంది.

బొమ్మలో గుండ్రటివి ఏమున్నాయి?

బడిగోడ: పైన కుడివైపు నిండు చందమామ, కాగితం మీద సరిగ్గా 3 సెంటీమీటర్లు. బతుకమ్మ చుట్టూ ఐదుగురు ఆడపిల్లలు, ముగ్గురి ముఖాలు మనవైపే ఉన్నాయి. వెనకాల చెరువు.

వెలుగుపెట్టె: ఇంకా గళ్ళేనా? ప్రొజెక్టర్ అద్దెకు తెచ్చుకోండి, రాత్రి వెలుగు వేసి గీతలు గీసేయండి. రెండు గంటల పని.

మూలమట్టం: అయితే చందమామ సంగతి చూద్దాం. సైన్‌బోర్డు అన్న చెప్పినట్టు చేస్తే అది 60 వెడల్పు, 56.25 ఎత్తు వస్తుంది. తేడా నాలుగు వేళ్ళంత కూడా లేదు, నిజమే. కానీ అంచు తేటగా ఉన్న వృత్తాన్ని ఎవరూ కొలవక్కర్లేదు, చూడగానే కోడిగుడ్డు అని తెలిసిపోతుంది. బంతిపూల వరసలో, చెరువు నీళ్ళలో అదే సాగుడు ఉన్నా పట్టించుకోరు. అందుకే బొమ్మలో ఏముందని అడిగాను.

సైన్‌బోర్డు: చందమామనే కదా బాధ. గడి నుంచి తీయకు. నడుమ మేకు కొట్టి దారం కట్టి గుండ్రంగ తిప్పు. అయిపాయె. మిగతాదంత నేను చెప్పినట్లే.

మూలమట్టం: దారంతో గుండ్రంగా వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ దారం ఎంత పొడవు తీసుకుంటావన్నా? 30 అయితే పైన కింద రెండు సెంటీమీటర్ల చొప్పున గళ్ళు చెప్పిన చోటు దాటుతుంది. 28 అయితే పక్కల తగ్గుతుంది. చందమామ ముందు కొమ్మ గానీ మబ్బు గానీ ఉంటే అవి గళ్ళ ప్రకారం వచ్చి దీనికి అతకవు. సరే, దాన్ని సర్దుకుందాం. ముఖాలకు దారం ఎట్లా కడతావు? ముగ్గురు పిల్లల ముఖాలు పదిహేనో వంతు వెడల్పెక్కుతాయి. చెంపలు ఉబ్బినట్టు, కళ్ళు దూరం జరిగినట్టు అవుతుంది. గీసిన పాపకు మొదట కనబడేది అదే.

సైన్‌బోర్డు: పదిహేనో వంతు, పదిహేనో వంతు. గోడ మీద పనిచేస్తే చెయ్యి వణికినా గంత తేడా వస్తది.

మూలమట్టం: చెయ్యి వణికితే ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ వచ్చి సర్దుకుపోతుంది. సాగుడు అట్లా కాదు, అన్ని ముఖాల్లోనూ ఒకే దిక్కుకు ఉంటుంది. అందుకే కంటికి తగులుతుంది.

అడిక్‌మెట్_అక్క: ఒక సంగతి. స్కేలు 18.75 అయితే రంగు కూడా కాగితం మీద పట్టినదానికి 18.75 రెట్లు కొంటే చాలు కదా? అట్లా లెక్క వేసుకుంటే డబ్బాలు మిగలవు.

కుంచెపట్టు: లేదక్కా. పొడవు 18.75 రెట్లు, వెడల్పు కూడా 18.75 రెట్లు పెరుగుతాయి. చోటు 18.75 ను 18.75 తో గుణించినంత, అంటే సుమారు 351 రెట్లు. కాగితం మీద పసుపు 30 చదరపు సెంటీమీటర్లు ఉందనుకోండి, గోడ మీద ఒక చదరపు మీటరు దాటుతుంది. మీ లెక్కన కొంటే ఒక మూల కూడా నిండదు. పసుపు విడిగా చూసుకోండి, అది కప్పే రంగు కాదు. కింద తెలుపు సరిగ్గా లేకపోతే మూడు చేతులు వేసినా గోడ మచ్చలు కనబడతాయి.

అడిక్‌మెట్_అక్క: అయ్యో, మంచిది చెప్పారు.

వెలుగుపెట్టె: నా మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు. ప్రొజెక్టర్ అయితే ఈ గళ్ళ గొడవే లేదు.

మూలమట్టం: గొడవ లేకుండా పోదు తమ్ముడూ. ప్రొజెక్టర్‌లోనూ బొమ్మ 3 : 2, గోడ 8 : 5. అదే 30 సెంటీమీటర్లు అక్కడా మిగులుతుంది. ఇక మామూలు ప్రొజెక్టర్‌ను బొమ్మ వెడల్పుకు 1.5 రెట్ల దూరంలో పెట్టాలి అనుకుంటే, నాలుగున్నర మీటర్ల వెడల్పు బొమ్మ పడాలంటే దాన్ని గోడకు 6.75 మీటర్లు వెనక పెట్టాలి. బడిగోడ గారూ, మీ గోడ ముందు గల్లీ ఎంత?

బడిగోడ: ఇరవై అడుగులు. అవతల ఇంటి గేటు.

మూలమట్టం: ఇరవై అడుగులంటే సుమారు 6.1 మీటర్లు. పట్టదు. పక్కకు జరిపి పెడితే వెలుగు ఏటవాలుగా పడి బొమ్మ ఒకవైపు పెద్దది, ఒకవైపు చిన్నది అవుతుంది. పైగా వీధి దీపం.

వెలుగుపెట్టె: దగ్గర నుంచే పెద్దగా పడేవి కూడా వచ్చాయి ఇప్పుడు.

కుంచెపట్టు: వచ్చాయి. కానీ గోడకు కొద్దిగా ఎత్తుపల్లాలున్నా వాటిలో గీతలు వంకర పోతాయి. సిమెంటు గోడ అద్దంలా ఉండదు.

బడిగోడ: సరే, 37.5 గడి అనుకుందాం. గోడ మీద కొట్టడం ఎట్లా? నేల ఒక పక్కకు వాలి ఉంది.

మూలమట్టం: నేలను నమ్మకండి. లెవెల్ పైపులో నీళ్ళు పోసి రెండు చివరలా ఒకే మట్టం గుర్తు పెట్టి, ఆ రెంటినీ కలిపేదే మొదటి అడ్డగీత. రసమట్టం చిన్నది, నాలుగున్నర మీటర్లలో జరుపుతూ పోతే తప్పు పేరుకుంటుంది. నిలువు గీతలకు తూకం గుండు వేలాడదీయండి.

గుర్తులు పెట్టేటప్పుడే ఎక్కువ మంది పొరపాటు చేస్తారు. 37.5 కొలిచి, అక్కడి నుంచి మళ్ళీ 37.5 కొలుస్తూ పోతారు. ప్రతి గడిలో రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా పన్నెండో గడికి 24 మిల్లీమీటర్లవుతుంది. టేపు ఒక్కసారే చివర బిగించి 37.5, 75, 112.5, 150 అని 450 దాకా కదపకుండా గుర్తులు పెట్టండి. అడ్డం, నిలువు అయ్యాక ఐమూలగా రెండు వైపులా కొలవండి. రెండూ 540.8 రావాలి. ఒకటి 539, ఒకటి 542 వస్తే చట్రం పక్కకు ఒరిగినట్టే, గళ్ళు కొట్టకముందే సరిచేయాలి.

దారానికి నీలం పొడి పట్టించి లాగి వదిలితే గీత పడుతుంది. పొడి బాగా దులిపి వాడండి. ఎర్ర పొడి జోలికి పోవద్దు, అది తుడిస్తే పోదు, పసుపు కింద నుంచి తొంగి చూస్తుంది.

కుంచెపట్టు: దీనికి ఒకటి కలుపుతాను. గడి లోపల గీత ఎక్కడ దాటుతుందో కంటితో అంచనా వేయకండి. 37.5 పొడవు కాగితం పట్టీ కోసి సగం, సగం, మళ్ళీ సగం మడిస్తే ఎనిమిది భాగాలు. కాగితం మీద గడికి కూడా అట్లాగే ఎనిమిది, ఒక్కోటి రెండున్నర మిల్లీమీటర్లు. కొంగు అంచు గడి ఎడమ గీతను మూడో మడత దగ్గర కోస్తే, గోడ మీద పట్టీ ఆనించి మూడో మడత దగ్గరే చుక్క. లెక్కే అక్కర్లేదు. ముఖాలున్న గళ్ళను మాత్రం నాలుగు చేయండి. కాగితం మీద ఒక సెంటీమీటరు, గోడ మీద 18.75.

సైన్‌బోర్డు: అంత చెప్పిన్రు గని, పక్కల మిగిలే 30 సంగతి ఒక్కరు చెప్పలె. రెండు పట్టీలు కలిపితే పది చదరపు అడుగులు తెల్లగ ఉంటది. పోయిన పండుగకు ఒక అపార్ట్‌మెంట్ల గిట్లనే ఒకే స్కేలు పెట్టి పక్కల అంచు వదిలిన. పని నచ్చింది అన్నరు, పైసలిచ్చేకాడ రంగు పడని అడుగులకు ఇయ్యం అన్నరు. మీకు బొమ్మ మీద ప్రేమ, నాకు కొలత కొట్టి ఇచ్చేటోళ్ళతోని పని.

మూలమట్టం: ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. నువ్వు చందమామ గురించి కాదు, నిండని గోడ గురించి వాదిస్తున్నావు. అది ముందే చెబితే ఇంత దూరం వచ్చేది కాదు. గోడ నిండాలి అంటే బొమ్మను సాగదీయకు, కాగితాన్ని పెంచు. 480 ను 18.75 తో భాగిస్తే 25.6. బొమ్మకు 1.6 సెంటీమీటర్లు తక్కువ. అటు ఎనిమిది, ఇటు ఎనిమిది మిల్లీమీటర్లు కాగితం అతికించి చెరువును, ఆకాశాన్ని పొడిగించు. గోడ మీద పక్కకో 15. స్కేలు మారదు, చందమామ గుండ్రంగానే ఉంటుంది, నీ పది అడుగులూ నిండుతాయి.

సైన్‌బోర్డు: గది మంచిగనే ఉంది. గని పాప గీయని చెరువును మనం గీస్తే అది పాప బొమ్మ ఎట్లయితది? నేను సాగదీస్తే తప్పు, మీరు అతికిస్తే ఒప్పా?

మూలమట్టం: సాగదీస్తే పాప గీసిన ప్రతి గీతా మారుతుంది. అతికిస్తే ఒక్కటీ మారదు.

సైన్‌బోర్డు: నేను ఒప్పుకోను.

బడిగోడ: హెడ్మిస్ట్రెస్ గారిని అడిగాను. పెంచేదేదో పాపే పెంచుతుంది అన్నారు. కానీ ఇంకో చిక్కు. కుడి అంచున నిలబడ్డ పిల్ల సగమే ఉంది, కాగితం అంచుతో భుజం తెగిపోయింది. అక్కడ చెరువు పొడిగిస్తే సగం మనిషి నీళ్ళలో నిలబడినట్టు ఉంటుంది.

మూలమట్టం: అయితే కుడివైపు ముట్టుకోవద్దు. 1.6 మొత్తం ఎడమకే కలపండి, గోడ మీద 30 ఎడమనే పడుతుంది. టేపు సున్నా కుడి మూలలో పెట్టి ఎడమకు కొలవండి, లేదంటే తెగిన గడి కుడి చివర పడి ఆ పిల్ల గోడ బయటికి పోతుంది.

కుంచెపట్టు: అట్లా చేస్తే నడుమ ఉన్న బతుకమ్మ గోడ మధ్య నుంచి 15 సెంటీమీటర్లు కుడికి జరుగుతుంది. గోడ నడుమ గేటు గానీ కిటికీ గానీ ఉందా? ఉంటే ఆ తేడా తెలిసిపోతుంది.

బడిగోడ: బొమ్మ పైన సరిగ్గా నడిమికి బడి పేరు బోర్డు ఉంది. రేపు టేపు పట్టుకొని ఇంకోసారి చూసి చెప్తా.