పాయలుగా చీలిన నది ఫోటో: గోదావరా, బ్రహ్మపుత్రా?

ప్రశ్న: ఈ ఉపగ్రహ చిత్రంలో నది ఆరేడు పాయలుగా చీలింది. మధ్యలో తెల్లటి ఇసుక తిన్నెలు, కింది మూలన ఒక వంకర చెరువు ఉన్నాయి. తీసిన నెల తెలియదు. నేను గోదావరి డెల్టా అనుకుంటున్నాను, మిత్రుడు బ్రహ్మపుత్ర అంటున్నాడు. ఎలా తేల్చాలి?

రాజమహేంద్రవరం వాసి: పాయలుగా చీలిందంటే డెల్టాయే. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వసిష్ఠగా విడిపోతుంది. తిన్నెలు కూడా మాకు వేసవిలో కనిపించేవే.

భూగోళ ఉపాధ్యాయిని: తిన్నెల విషయంలో మీరు చెప్పింది నిజమే. వేసవిలో తీసిన గోదావరి ఫోటో ఎవరినైనా తికమక పెడుతుంది. అయితే పాయలను లెక్కపెట్టి ఊరుకోకుండా, ఒక్కొక్క పాయ వెంట వేలు పెట్టి చివరిదాకా వెళ్లి చూడండి. డెల్టా పాయలు విడిపోయాక చాలావరకు దేని దారిన అవి సముద్రానికి చేరతాయి, కానీ ఈ చిత్రంలోని పాయలు కొద్ది దూరంలోనే మళ్లీ కలిసి, మళ్లీ చీలి, జడ అల్లినట్టు సాగుతున్నాయి. నది మోయలేనంత ఇసుక పైనుంచి దిగి, వరద తగ్గగానే నడిమధ్యన మేట వేసి, నీరు దాన్ని చుట్టి మెత్తటి ఒడ్లను కోసుకుంటూ పోయినప్పుడు ఈ రూపం వస్తుంది. అస్సాంలో బ్రహ్మపుత్ర ఇలాగే కొన్నిచోట్ల 10 కిలోమీటర్లకు మించి పరచుకుంటుంది. గోదావరి లంకల్లో కొబ్బరి తోటలు, ఇళ్లు తరాల తరబడి నిలిచాయి, ఈ తిన్నెల మీదనైతే చెట్టు జాడే లేదు. ఇదే చోటి రెండు వేర్వేరు సంవత్సరాల చిత్రాలను పక్కపక్కన పెట్టండి. తిన్నెలు చోటు మారి ఉంటే నా మాటకు బలం వస్తుంది.

కైకలూరు పాఠకుడు: అయితే మా కొల్లేరు కూడా ఇలా నది వదిలేసిన వంకరేనా?

భూగోళ ఉపాధ్యాయిని: కాదండీ. కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ మిగిలిన విశాలమైన పల్లం. నది తన మెలికను తెంచుకుని వదిలేసిన చెరువు గుర్రపునాడాలా వంగి, ఆ నదికున్న వెడల్పుతోనే ఉంటుంది. ఈ చిత్రంలోని చెరువు పెద్ద నదిలోని ఏ పాయకన్నా చాలా సన్నగా ఉంది కాబట్టి దాన్ని విడిచింది ఒక ఉపనది అయి ఉండాలి. బ్రహ్మపుత్రకు దక్షిణం నుంచి వచ్చే బుఢీ దిహింగ్ వంటి ఉపనదులు వాలు తక్కువై మెలికలు తిరుగుతాయి, ఉత్తరాన హిమాలయాల నుంచి దూకే వాటిలో చాలావాటికి ఇసుక భారం ఎక్కువ. చెరువు దక్షిణపు ఒడ్డున ఉండటం దీనికి సరిపోతుంది.

రాజమహేంద్రవరం వాసి: గోదావరి కాదని ఒప్పుకుంటాను. కానీ బిహార్‌లోని కోసి కూడా ఇలాగే అల్లుకుంటుంది కదా?

భూగోళ ఉపాధ్యాయిని: మంచి ప్రశ్న. కోసికి ఇరువైపులా పొడవైన కరకట్టలు గీతల్లా కనిపిస్తాయి. ఈ చిత్రంలో నది అంచులు రెండు పక్కలా తెగిపోయాయి కాబట్టి, ఇంకాస్త వెడల్పైన చిత్రం దొరికేదాకా కోసిని కొట్టిపారేయలేను.