నాన్న రాసిన జ్ఞాపకాలు: ప్రూఫ్ చూడమనాలా, ఎడిట్ చేయమనాలా?

గోదావరిఖని_బిడ్డ
మా నాన్న బొగ్గు బాయిలో పని చేసి రిటైరయ్యారు. నోటు పుస్తకాల్లో రాసుకున్నదంతా టైప్ చేయించాను, 140 పేజీలు వచ్చింది. బంధువులకీ పాత దోస్తులకీ ఇవ్వడానికి కొన్ని కాపీలు వేయించాలని ఉంది. తెలిసినాయన ఒకరికి మొదటి అధ్యాయం ఇచ్చి "ఒకసారి దిద్ది పంపండి" అన్నాను. తిరిగొచ్చింది చదివితే భాష చాలా బాగుంది కానీ మాట్లాడుతున్నది మా నాన్న కాదు. ఇంకొకావిడని అడిగితే "ప్రూఫా, ఎడిటింగా, తిరగరాయాలా, కుదించాలా? దేనికి దానికే రేటు" అన్నారు. వీటిలో నాకు కావలసింది ఏదో ఎలా తేల్చుకోవాలి?

కాకినాడ_లలిత
నేను తెలుగు టీచర్‌ని. ముందు ప్రూఫ్ చూపించేయండి. తప్పులు పోయాక ఎడిటర్‌కి ఇస్తే ఆవిడ పని తేలికవుతుంది, డబ్బులూ తగ్గుతాయి. "అర్థం", "అర్ధం" తేడా తెలియకుండా టైప్ చేసేవాళ్ళే ఎక్కువ ఇప్పుడు.

మార్జిన్_గీత
లలిత గారూ, శుభ్రమైన కాపీ ఇస్తే ఎడిటర్‌కి తేలిక అన్నమాట నిజమే. దానికి టైపు చేసినవాళ్ళతో ఒకసారి నోటు పుస్తకం పక్కన పెట్టుకుని సరిచూపిస్తే చాలు. అసలు ప్రూఫ్ మాత్రం చివర్లోనే, పేజీలు కట్టాక చూడాలి. ఎడిటింగ్‌లో వాక్యాలు అటూ ఇటూ జరుగుతాయి, ఆ జరిపేటప్పుడే కొత్త తప్పులు పడతాయి. ముందే ప్రూఫ్‌కి డబ్బులిస్తే మళ్ళీ ఇవ్వాల్సి వస్తుంది.

గోదావరిఖని గారూ, నాన్నగారు రాసిన నాలుగు వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెట్టండి. వాటి మీదే చెబుతాను.

గోదావరిఖని_బిడ్డ
ఇదిగో, టైపు చేసినదే పెడుతున్నా:

"నేను పుట్టింది 1944. బాయి పనికి ఎక్కింది 1962 వానకాలం. అప్పుడు నాకు ఇరవై రెండేండ్లు. మొదటి దనం చీకట్ల దిగంగనే బయమైంది, బయమైనా గాని ఎవ్వలకు చెప్పలే"

మార్జిన్_గీత
ప్రూఫ్ చూసే మనిషి ఇందులో "దనం"ని "దినం" చేస్తారు, చివర చుక్క పెడతారు. ఇక్కడ "బాయి" అని ఉండి నలభయ్యో పేజీలో "బావి" అని కనిపిస్తే, ఏది ఉంచాలో మార్జిన్‌లో అడుగుతారు. "చెప్పలే"ని ముట్టుకోరు. ముట్టుకుంటే ఆయన ప్రూఫ్ దాటి వేరే పనిలోకి వెళ్ళినట్టే.

ఎడిటర్ కన్ను ముందు పడేది అంకెల మీద. 1944లో పుడితే 1962కి పద్దెనిమిది, మరి ఇరవై రెండు ఎక్కడిది? మంచి ఎడిటర్ దాన్ని తనంతట తాను మార్చరు, ప్రశ్న రాసి మీకు పంపుతారు. "బయమైంది, బయమైనా గాని" అని రెండుసార్లు రావడం గురించీ ఆలోచిస్తారు. నేనైతే ఉంచుతాను, ఆయన మాటల్లో ఊపు అక్కడే ఉంది. పుట్టుక సంగతి ఇక్కడ కాక ముందు పేరాలో ఉంటే బాగుంటుందని అనిపిస్తే అది కూడా సూచిస్తారు.

తిరగరాస్తే ఇలా తయారవుతుంది: "1962 వర్షాకాలంలో తొలిసారి గనిలోకి దిగినప్పుడు భయం నన్ను కమ్మేసింది. అయినా ఎవరికీ చెప్పలేదు." చదవడానికి హాయిగా ఉంది. కానీ వయసు మాయమైంది, దానితో పాటు ఆ లెక్కలో ఉన్న తేడా కూడా మాయమైంది. ఇక దాన్ని ఎవరూ పట్టుకోలేరు. మీ మొదటాయన చేసింది ఇదే. "దిద్దండి" అన్న మాటలో ఇది కూడా పడుతుందని ఆయన అనుకుని ఉంటారు.

కుదిస్తే: "1962లో గనిలో చేరారు. తొలిరోజు భయపడినా బయటికి చెప్పలేదు." ఇది వెనక అట్ట మీదికి పనికొస్తుంది, పుస్తకం లోపలికి కాదు. అందులో "నేను" కాస్తా "ఆయన" అయిపోయింది, గమనించండి.

థీసిస్_టెన్షన్
సంక్షిప్తం గురించి అడుగుతున్నారు కాబట్టి, మాకు యూనివర్సిటీలో సినాప్సిస్ వేరు, చివర పెట్టే సారాంశం వేరు. నా గైడ్ "తగ్గించు" అన్నారు, నేను ప్రతి అధ్యాయం నుంచీ కొన్ని పేరాలు తీసేశాను. ఆయనకి కావలసింది వాదన మొత్తం చిన్న రూపంలో అట. నాది ముక్కలు ముక్కలుగా మిగిలింది. మీరు కూడా ముందే అడగండి.

గోదావరిఖని_బిడ్డ
థీసిస్ గారూ, నాకు కుదించే ఆలోచన లేదండీ, ఆ అట్ట మీది నాలుగు లైన్లు తప్ప.

గీత గారూ, ఆ వయసు సంగతి రాత్రి నాన్నని అడిగాను. ఆయన నిజంగా పుట్టింది 1940 అట. బడిలో వేసేటప్పుడు 1944 అని రాయించారు, నౌకరీ కాగితాల్లోనూ అదే పోయింది. రాసేటప్పుడు చేతికి కాగితాల మీది ఏడాదే వచ్చింది, వయసు మాత్రం అసలుది రాశారు. ఇప్పుడు ఆ బడి కథ ఇంకో పేజీ రాస్తానంటున్నారు.

మార్జిన్_గీత
రాయనివ్వండి! అందుకే మీకు కావలసింది ఎడిటింగ్, అది కూడా ప్రశ్నలడిగే ఎడిటింగ్. అడిగేటప్పుడు ఇలా రాసి పంపండి: "వాక్యాలు మార్చొద్దు, మాండలికం ఉంచాలి. ఏడాదులు, పేర్లు, వరుసలు కలవకపోతే ప్రశ్న రాయండి. ఒకే సంగతి రెండు చోట్ల వస్తే చెప్పండి, తీసేది మేము నిర్ణయిస్తాం. ప్రతి మార్పూ కనిపించేలా `Track Changes` పెట్టి చేయండి." మొత్తం ఇచ్చేముందు ఓ ఐదు పేజీలు చేయించి చూడండి. ప్రశ్న ఒక్కటీ లేకుండా, ప్రతి లైనూ ఎర్రగా మారి వచ్చిందంటే ఆ మనిషి తిరగరాస్తున్నట్టు.

బెజవాడ_డీటీపీ
నేను పేజీలు కట్టేవాణ్ని. మీ ఫైలు యూనికోడ్‌లో ఉండి, ప్రెస్సు వాళ్ళు "అను" అనే ఫాంట్లలోకి మార్చి పేజ్‌మేకర్‌లో పెడితే ఒత్తులు కొన్ని చెదురుతాయి. అందుకే ఎడిటింగ్ ఎంత బాగా జరిగినా, కట్టిన పేజీల మీద ప్రూఫ్ తప్పదు. ఆ దశలో మాత్రం కొత్త పేరాలు చేర్చకండి. 37వ పేజీలో పేరా చేరిస్తే ఆ తర్వాతి పేజీలన్నీ జరుగుతాయి, విషయసూచికలో అంకెలు తప్పుతాయి. పుస్తకం పదహారేసి పేజీల ఫారాల్లో అచ్చవుతుంది కాబట్టి, రెండు పేజీలు ఎక్కువైనా లెక్క మళ్ళీ చూసుకోవాలి. నాన్నగారి బడి కథ ఇప్పుడే రాయించెయ్యండి.

కాకినాడ_లలిత
గీత గారి మాటతో ప్రూఫ్ సంగతి ఒప్పుకుంటాను. కానీ "బయం" అలాగే ఉంచాలా? ఒత్తు లేకపోతే చదివే పిల్లలు అదే సరైనదనుకుంటారు.

మార్జిన్_గీత
ఆయన మాటలో ఒత్తు పలకదు కాబట్టి "బయం" ఉంచుతానంటాను. అయితే ఒక షరతు, పుస్తకమంతా అలాగే ఉండాలి. ఒకచోట "బయం", ఇంకోచోట "భయం" ఉంటే అది మాండలికంలా కనిపించదు, అచ్చుతప్పులా కనిపిస్తుంది. ఉంచే మాటలన్నీ ఒక కాగితం మీద రాసి ఎడిటర్‌కీ, ప్రూఫ్ చూసేవాళ్ళకీ, డీటీపీకీ అదే ఇవ్వండి.

కాకినాడ_లలిత
మాటల వరకూ సరే, ఒత్తుల వరకూ వెళ్ళడం నాకింకా ఒప్పుదల కాలేదు. "ఎవ్వలకు" ఉంచి "భయం" దిద్దితే నష్టమేముంది?

గోదావరిఖని_బిడ్డ
నోటు పుస్తకం తీసి చూశాను. నాన్న చేత్తో "భయం" అనే రాశారు, ఒత్తు తీసింది టైపు చేసినవాళ్ళు. కానీ పక్క పేజీలో ఆయనే "బయపడ్డ" అని రాసుకున్నారు. కాగితం మీద ఏది రాయాలో ఆయన్నే అడుగుతాను.