జప్తు చేసిన వాటాల్లో కొన్నే తిరిగి జారీ చేస్తే మూలధన రిజర్వుకు ఎంత వెళ్లాలి?

అకౌంట్స్ తెలిసినవాళ్లు దయచేసి ఈ లెక్క చూడండి. బీకాం పరీక్ష దగ్గరపడింది, ఇది తేలకుండా ముందుకు వెళ్లలేకపోతున్నాను.

ముఖవిలువ 10 రూపాయలు, ప్రీమియం లేదు. ఒక వాటాదారు 200 వాటాలకు దరఖాస్తు, కేటాయింపు కింద వాటాకు 5 చొప్పున కట్టాడు. మొదటి పిలుపు 3, తుది పిలుపు 2 కట్టలేదు. నోటీసు ఇచ్చి వాటాలు జప్తు చేశారు. కాబట్టి వాటాల జప్తు ఖాతాలో 1,000 క్రెడిట్ ఉంది. వాటిలో 150 వాటాలను పూర్తిగా చెల్లించినవిగా 8 రూపాయలకు తిరిగి జారీ చేశారు. తగ్గింపు 300.

మా గైడు 1,000లోంచి 300 తీసేసి 700 మొత్తం మూలధన రిజర్వుకు మళ్లించింది. నాకది సరిగ్గా అనిపించడం లేదు. ఆ 150 వాటాలపై జప్తయింది 750 మాత్రమే కదా? అందులో 300 పోతే 450. మిగతా 50 వాటాల తాలూకు 250 జప్తు ఖాతాలోనే ఉండాలి, ఎందుకంటే రేపు వాటిని 5 రూపాయలకే ఇవ్వాల్సివస్తే ఆ తగ్గింపు భరించేది ఆ డబ్బే. నా తర్కం సరైనదేనా?

ఇంకొకటి: 2013 కంపెనీల చట్టం సెక్షన్ 53 తగ్గింపుపై వాటాల జారీని నిషేధిస్తుంది. ఈ పునఃజారీకి అది ఎందుకు అడ్డు రాదో కూడా వివరించగలరా?