అప్‌డేట్: స్టొకాస్టిక్ 80 దాటాక అమ్మితే షేర్ ఇంకా పెరుగుతోంది (సమాధానం దొరికింది)

నా ప్రశ్న: "స్టొకాస్టిక్ 80 దాటగానే అమ్ముతున్నాను, షేర్ మాత్రం పైకే పోతోంది. సెట్టింగ్ మార్చాలా?"

జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. సెట్టింగ్‌తో పని లేదు. 14 రోజులను 21 చేసి చూశాను, స్లో కూడా పెట్టాను, సిగ్నల్ కాస్త ఆలస్యమైందే తప్ప తేడా రాలేదు.

పనిచేసింది లెక్క వేసి చూడమన్న సలహా. 14 రోజుల కనిష్ఠం 400, గరిష్ఠం 460, ముగింపు 454 అనుకోండి. కనిష్ఠం నుంచి గరిష్ఠానికి 60 తేడా, అందులో ముగింపు 54 పైన, అంటే స్టొకాస్టిక్ రీడింగ్ 90. కొన్నాళ్లకు కనిష్ఠం 430, గరిష్ఠం 500, ముగింపు 494. 70లో 64, అంటే 91. ధర 40 రూపాయలు పెరిగినా రీడింగ్ దాదాపు అక్కడే ఉంది. ముగింపు ఈ మధ్యకాలపు గరిష్ఠానికి దగ్గరగా ఉందని మాత్రమే అది చెబుతుంది, ధర ఎక్కువైందని కాదు. గట్టి ట్రెండ్‌లో వారాల తరబడి 80 పైనే ఉండిపోవడం మామూలే.

ఇప్పుడు ముందు ట్రెండ్ ఎంత గట్టిగా ఉందో చెప్పే ఏడీఎక్స్ చూస్తున్నాను. 20 లోపు ఉండి, ధర ఒకే రేంజ్‌లో తిరుగుతుంటే, స్టొకాస్టిక్ 80 దాటి మళ్లీ కిందికి దిగినప్పుడు అమ్ముతాను. ఏడీఎక్స్ 25 దాటి, ధర పైకి వెళ్తుంటే, స్టొకాస్టిక్ 80 పైన ఉందని చెప్పే ఓవర్‌బాట్‌ని పట్టించుకోను. 20 రోజుల సగటు కింద ముగిస్తేనే బయటికి వస్తాను. దీనివల్ల గరిష్ఠం నుంచి కొంత లాభం వదులుకోవాల్సిందే.

ఒక్క జాగ్రత్త: ఏడీఎక్స్ ఆలస్యంగా కదులుతుంది. రేంజ్ పైఅంచు దాటి ముగిసిన మొదటి రోజుల్లో అది ఇంకా 20 లోపే ఉండొచ్చు. తొందరపడి అమ్మేది ఎక్కువగా అప్పుడే. అక్కడ ధర మళ్లీ రేంజ్‌లోకి వచ్చి ముగిస్తేనే అమ్ముతున్నాను.